ఇద్దరిని కలిపే చిన్న మెయిల్: ఒక మిర్చి రైతు కంపెనీ కేసు

నేపథ్యం

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు, అంటే మా వాళ్ల భాషలో ఎఫ్‌పీఓలకు, మార్కెట్ పనుల్లో సాయం చేసే ఒక సంస్థలో పని చేస్తున్నాను. పని పేరు పెద్దగా వినిపిస్తుంది గానీ రోజువారీగా చూస్తే అందులో సగం ఒకరిని ఇంకొకరికి పరిచయం చేయడమే. కోల్డ్ స్టోరేజీ వాళ్లు, ల్యాబ్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, కొనేవాళ్లు, ప్యాకింగ్ తెలిసినవాళ్లు ఇలా ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల దాకా ఎఫ్‌పీఓని చేర్చాలి. ఈ పరిచయాల్లో చాలావాటి కథ మెయిల్ దగ్గరే ముగిసిపోతుంది. అలా ముగిసిపోయిన ఒకదాన్ని మళ్లీ లేపి నిలబెట్టిన కేసు ఇది. జిల్లా, కంపెనీ, మనుషుల పేర్లు చెప్పను, ఎవరో పట్టుకునే వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా తీసేశాను. మెయిళ్లను కూడా ఆ మేరకు మార్చి పెడుతున్నాను.

ఎఫ్‌పీఓ తేజ రకం మిర్చి పండించే రైతులది. ఎక్కువ సరుకు యార్డులో కమీషన్ ఏజెంట్ల ద్వారానే పోతుంది, కొంచెం సరుకు మాత్రం నేరుగా ఎగుమతిదారులకు అమ్మాలని రెండేళ్లుగా ప్రయత్నం. సీఈఓ ముప్పై లోపు కుర్రాడు, అగ్రికల్చర్ చదివాడు, పనిమంతుడు. రెండో వ్యక్తి ఒక మేడమ్. మసాలా దినుసుల ఎగుమతి కంపెనీల్లో చాలాకాలం క్వాలిటీ విభాగం చూసి, ఇప్పుడు సొంతంగా సలహాలిస్తున్నారు. తెలుగువారే, ఉండేది వేరే రాష్ట్రంలో. ఒక శిక్షణ కార్యక్రమంలో నాకు పరిచయం, అంతకు మించి దగ్గరితనం లేదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఆమెతో ఉన్న చనువు ఎంతో తెలియకుండా పరిచయం మెయిల్‌లో ఎంత అడగొచ్చో నిర్ణయించడం కుదరదు.

సమస్య నా దాకా వచ్చేసరికి

ఈ ఇద్దరికీ అప్పటికే ఒకసారి పరిచయం జరిగింది, అదే అసలు చిక్కు. ఎఫ్‌పీఓ డైరెక్టర్లలో పెద్దాయన ఒకరికి మేడమ్ ఏదో సమావేశంలో కలిశారు, కార్డు ఇచ్చారు. ఆయన అక్టోబర్‌లో ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టి పంపారు. అది దాదాపు ఇలా ఉంది:

> సబ్జెక్ట్: పరిచయం
>
> నమస్కారం మేడమ్, మీరు క్షేమమని తలుస్తాను. మా రైతు కంపెనీ నాణ్యమైన మిర్చికి పెట్టింది పేరు. వీరు మా సీఈఓ, చాలా కష్టపడే యువకుడు. మీ అపారమైన అనుభవం మా రైతులకు ఎంతో ఉపయోగపడగలదు. మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకుంటే ఉభయులకూ మేలు జరుగుతుంది. మా కంపెనీ ప్రొఫైల్ జత చేశాను, చూడగలరు.

జతచేసిన ప్రొఫైల్‌లో ప్రారంభోత్సవం ఫోటోలు, శాలువాల ఫోటోలు, సభ్యుల లెక్కలు ఉన్నాయి. మెయిల్‌కు జవాబు రాలేదు. రెండు వారాలు చూసి సీఈఓ 'దయచేసి మార్గదర్శకత్వం ఇవ్వగలరు' అని ఒక రిప్లై పెట్టాడు, దానికీ జవాబు లేదు. తర్వాత కార్డు మీద నంబరుకు ఫోన్ చేస్తే మేడమ్ ఎత్తి, మీటింగ్‌లో ఉన్నాను, మెయిల్ చూస్తాను అన్నారు. ఇలా కాదని మా సహోద్యోగి ఒకరు ముగ్గురితో వాట్సాప్ గ్రూపు పెట్టారు. సీఈఓ ఉత్సాహంగా కళ్లంలో మిర్చి ఫోటోలు, రెండు వీడియోలు, ఒక వాయిస్ మెసేజ్ వరసగా వదిలాడు. మేడమ్ సాయంత్రానికి గ్రూపు నుంచి బయటికి వెళ్లిపోయారు. ఆ తర్వాతే ఈ పని నా దగ్గరికి వచ్చింది, 'మేడమ్‌కు రైతులంటే చులకనలా ఉంది' అన్న వ్యాఖ్యతో సహా.

నాకు అలా అనిపించలేదు. ఆ మెయిల్‌ని మేడమ్ వైపు నుంచి చదివితే దానికి జవాబు ఏం రాయాలో తెలియదు. కొనేవాళ్లను చూపించమంటున్నారా, సర్టిఫికెట్ కావాలా, ఊరికి వచ్చి రైతులకు క్లాసు చెప్పమంటున్నారా, ఊరికే సలహాదారుగా పేరు పెట్టుకుంటామంటున్నారా? ఈ నాలుగింటికీ నాలుగు వేరువేరు జవాబులు. ఏది అడుగుతున్నారో కనుక్కోవడం కూడా ఆమె పనే అయింది. మొహమాటస్తులు ఇలాంటిచోట కాదనరు, ఊరుకుంటారు. పైగా 'మీరిద్దరూ మాట్లాడుకోండి' అన్న వాక్యంలో మొదట ఎవరు మాట్లాడాలో లేదు. చిన్నవాడు పెద్దావిడ ముందు పలకరిస్తే బాగుంటుందని ఆగాడు, ఆవిడ అవసరం ఉన్నవాళ్లే అడుగుతారులే అనుకుని ఉంటారు.

వాట్సాప్ గ్రూపు దీన్ని ఇంకా చెడగొట్టింది. మెయిల్ అయితే చూడనట్టు ఉండొచ్చు, గ్రూపులో నీలం టిక్కులు పడిపోతాయి. ఒప్పుకోని మనిషిని గదిలోకి లాగి తలుపేసినట్టయింది.

మొదటి నిర్ణయం: మెయిల్ రాయకపోవడం

అందరూ వెంటనే ఇంకో మంచి మెయిల్ రాయమన్నారు. నేను ముందు సీఈఓతో ఫోన్‌లో కూర్చున్నాను, ఎందుకంటే 'మార్గదర్శకత్వం' అన్న మాటను ఎంత చక్కగా రాసినా అది మార్గదర్శకత్వంగానే మిగులుతుంది. మేడమ్ ఫోన్ ఎత్తి 'చెప్పండి, ఏం కావాలి' అంటే నువ్వు మొదటి వాక్యం ఏం చెప్తావు అని అడిగాను. కొంచెం తటపటాయించి, 'మా శాంపిల్ ఫెయిలైంది, ఎందుకో తెలియట్లేదు' అన్నాడు. ఆ మాట అప్పటిదాకా పోయిన ఏ మెయిల్‌లోనూ లేదు.

విషయం ఏమిటంటే, గత సీజన్ చివర్లో యూరప్‌కు పంపే ఒక ఎగుమతిదారు వీళ్ల లాట్ నుంచి శాంపిల్ తీసి టెస్ట్ చేయించారు. అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 11 మైక్రోగ్రాములు వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఎండుమిర్చికి బీ1 పరిమితి 5, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10. సరుకు వెనక్కి వచ్చి యార్డులో మామూలు ధరకు పోయింది. అఫ్లాటాక్సిన్ బూజు నుంచి పుట్టే విషం. కాయ సరిగ్గా ఎండకపోయినా, ఎండినాక మళ్లీ తడి తగిలినా ఆ బూజుకు అదను దొరుకుతుంది. మిర్చిలో తడి తగిలే చోట్లు చాలానే ఉన్నాయి. కోసిన కాయను నేల మీద ఆరబోస్తే రాత్రి మంచు పడుతుంది. బస్తాల్లో తొక్కేముందు కాయ పొడి కాకుండా నీళ్లు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది, తూకం కోసం చల్లేవాళ్లూ ఉన్నారు. తర్వాత గోదాములో, కోల్డ్ స్టోరేజీలో నెలలు. వీటిలో ఏ చోట పోయిందన్నది సీఈఓకు తెలియదు. డైరెక్టర్లు మాత్రం కళ్లంలో రైతులు సరిగ్గా ఆరబెట్టలేదని తేల్చేసి, అందరికీ టార్పాలిన్లు కొనే ఆలోచనలో ఉన్నారు. సీఈఓకు ఆ లెక్క మీద నమ్మకం లేదు గానీ ఎదురు చెప్పడానికి ఆధారం లేదు.

ఇక్కడికి వచ్చాక అడగాల్సింది దానంతటదే చిన్నదైపోయింది. కోత నుంచి గోదాము దాకా ఎక్కడెక్కడ శాంపిల్స్ తీసి టెస్ట్ చేయిస్తే కారణం బయటపడుతుంది? అంతే. మేడమ్ జీవితమంతా చేసిన పని అది, ఏ పుస్తకమూ తిరగేయకుండా చెప్పగలరు. ఫోన్‌లో ఇరవై నిమిషాలు చాలు. జనవరిలో కోత మొదలవుతుంది కాబట్టి అంతకుముందే కావాలి. పరిచయం మెయిల్‌కు నేను వెతికే కారణం ఇలాంటిది: అవతలి మనిషికి తేలికది, ఇవతలి మనిషికి బరువైనది, గడువు ఉన్నది. ఈ మూడింటిలో మొదటిది లేకపోతే పరిచయం చేయను, ఫీజు ఇచ్చి పని చేయించుకోమంటాను.

రెండో నిర్ణయం: ముందు విడిగా అడగడం

ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టేముందు ఇద్దరినీ విడివిడిగా అడగాలి, ముఖ్యంగా ఎవరి సమయం ఖర్చవుతుందో వాళ్లను. మామూలుగా అయినా ఇది మర్యాద, ఈ కేసులో అయితే వేరే దారే లేదు, ఎందుకంటే మేడమ్ ఒకసారి గ్రూపు నుంచి వెళ్లిపోయిన మనిషి. ఫోన్ చేద్దామా అని ఆలోచించాను. ఫోన్‌లో అడిగితే మొహమాటానికి సరే అంటారు, ఆ సరే తర్వాత జారిపోతుంది. మెయిల్‌లో కాదనడం సులభం. కాదనడం సులభంగా ఉన్నచోట వచ్చిన సరే గట్టిది. అందుకని మెయిలే రాశాను, మేడమ్‌కు ఒక్కరికే:

> సబ్జెక్ట్: మిర్చి ఎఫ్‌పీఓకి శాంపిలింగ్ గురించి 20 నిమిషాల ఫోన్, వీలవుతుందా?
>
> మేడమ్, నమస్తే. తేజ మిర్చి పండించే ఒక ఎఫ్‌పీఓతో రెండు సీజన్లుగా పని చేస్తున్నాను. పోయిన సీజన్‌లో వాళ్ల ఒక లాట్‌లో అఫ్లాటాక్సిన్ బీ1 11 వచ్చింది, కొనేవాళ్ల పరిమితి 5. కళ్లంలో పోయిందా, బస్తాల్లోనా, గోదాములోనా అన్నది వాళ్లకు తెలియడం లేదు. ఈ సీజన్‌లో ఎక్కడెక్కడ శాంపిల్స్ తీయాలో మీరు చెప్పగలరేమోనని అడుగుతున్నాను. కొనేవాళ్ల పరిచయం గానీ, ఊరికి రమ్మని గానీ అడగరు.
>
> అక్టోబర్‌లో వాళ్ల డైరెక్టర్ గారు మీకు రాసింది ఈ ఎఫ్‌పీఓ గురించే, అందులో ఈ విషయం లేదు. సరే అంటే సీఈఓని మెయిల్‌లో పరిచయం చేస్తాను. ఇప్పుడు కుదరదంటే ఒక్క ముక్క రాయండి చాలు, వాళ్లకు నేనే చెప్పుకుంటాను, మళ్లీ ఫోన్లు రాకుండా చూస్తాను.

చివరి వాక్యం మీద సీఈఓకు అభ్యంతరం వచ్చింది. కాదనమని మనమే దారి చూపిస్తున్నట్టుంది కదా సార్ అన్నాడు. అవును, చూపిస్తున్నాం. ఆమెకు ఇప్పుడు ఉన్న భయం సరే అన్నాక ఏమవుతుందన్నది కాదు, కాదంటే ఎన్నిసార్లు అనాల్సి వస్తుందన్నది. అది తీసేస్తే మెయిల్‌లో మిగతా భాగం చదువుతారు. ఏం అడగరో చెప్పడం కూడా ఇందుకే. ఫెయిలైన శాంపిల్ అంకె వేయడం వెనక ఇంకో ఆలోచన ఉంది. ఆ రంగంలో ఉన్న మనిషికి 11, 5 అన్న రెండు అంకెలు చూడగానే విషయం అర్థమవుతుంది, మనం రెండు పేరాలు వర్ణించనక్కర్లేదు.

ఈ మెయిల్ పంపేముందు రెండు అనుమతులు తీసుకున్నాను. సీఈఓ నుంచి, ఈ రిజల్ట్ బయటి మనిషికి చెప్పొచ్చా అని. లాట్ ఫెయిలైందన్న వార్త చిన్న సంగతి కాదు, మెయిల్ ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేస్తారో మన చేతిలో ఉండదు. అందుకే సబ్జెక్ట్‌లో అఫ్లాటాక్సిన్ అన్న మాట పెట్టలేదు, ఎఫ్‌పీఓ పేరు ఆ మెయిల్‌లో రాయలేదు, టెస్ట్ చేయించిన ఎగుమతిదారు పేరు ఎక్కడా రాలేదు. రెండోది డైరెక్టర్ గారి దగ్గర. ఆయన మొదలుపెట్టిన పరిచయాన్ని ఆయనకు తెలియకుండా నేను నడిపితే ఊళ్లో అది వేరే మాట అవుతుంది. తనను సీసీలో పెట్టమని ఆయన అడిగారు. నాలుగో మనిషి మెయిల్‌లో ఉంటే సీఈఓ నోరు విప్పడు, అందులోనూ కళ్లంలో తప్పు జరిగిందన్న డైరెక్టర్ ఉంటే అసలు విప్పడు. ఇది ఆయనతో ఇలాగే చెప్పలేను కదా. ఆమె ఒకరితో మాట్లాడటానికే ఒప్పుకోవచ్చు సార్, ఫోన్ అయ్యాక ఏం చెప్పారో సీఈఓ మీకే ముందు చెప్తాడు అన్నాను. సరేనన్నారు. మెయిల్‌లో ఆయన ప్రస్తావన ఒక వాక్యంలో గౌరవంగా ఉంది, అది ఆయనకు చదివి వినిపించాను.

మేడమ్ జవాబు మర్నాడే వచ్చింది. ఒప్పుకున్నారు, మూడు షరతులతో. ఇరవై నిమిషాలకు ఏమీ వద్దు, దాటి పని ఉంటే ఫీజు. శనివారం ఉదయం పదకొండు తర్వాతే. మూడోది నేను ఊహించనిది: ప్రస్తుతం తాను ఒక మిర్చి ఎగుమతి కంపెనీకి సలహాలిస్తున్నానని, అది ఎఫ్‌పీఓకి ముందే తెలియాలని రాశారు. గ్రూపు నుంచి వెళ్లిపోవడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. ఇంకెవరిదో సరుకు ఫోటోలు తన ఫోన్‌లోకి వచ్చి పడటం ఆమెకు ఇబ్బందే.

ఈ మూడో విషయాన్ని పరిచయం మెయిల్‌లో రాయాలా వద్దా అని కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. రాస్తే పారదర్శకంగా ఉంటుంది. కానీ పరిచయం మెయిల్ వచ్చాక సీఈఓ వెనక్కి తగ్గడం కష్టం, అప్పటికే మేడమ్ ఎదురుగా కూర్చున్నట్టే. అందుకని సీఈఓకు ముందే ఫోన్‌లో చెప్పాను, వద్దనుకుంటే ఇక్కడే ఆపేద్దాం, నేను మేడమ్‌కు మర్యాదగా చెప్తాను అన్నాను. ఒక రాత్రి ఆలోచించుకుని, మాట్లాడతాను గానీ ధరలు, కొనేవాళ్ల పేర్లు చెప్పను అన్నాడు. అది ఇద్దరికీ సరిపోయే గీత. విడిగా అడగడం వల్ల అసలు లాభం ఇలాంటివి బయటపడటమే. ముగ్గురూ ఒకే మెయిల్‌లో ఉన్నాక ఎవరూ ఇలాంటి మాట ఎత్తరు.

చివరికి పంపిన మెయిల్

> సబ్జెక్ట్: పరిచయం: (మేడమ్ పేరు), (సీఈఓ పేరు) - మిర్చి శాంపిలింగ్, 20 నిమిషాల ఫోన్
>
> మేడమ్, సీఈఓ గారూ, నమస్తే. ఇద్దరితోనూ మాట్లాడాను కాబట్టి నేరుగా కలుపుతున్నాను.
>
> మేడమ్, వీరు నేను చెప్పిన తేజ మిర్చి ఎఫ్‌పీఓ సీఈఓ, (పేరు) గారు. రెండు సీజన్లుగా వీరితో పని చేస్తున్నాను. కోత జనవరి మూడో వారంలో మొదలవుతుంది. కోత నుంచి గోదాము దాకా ఎక్కడ శాంపిల్స్ తీయాలో అంతకుముందే తేల్చుకోవాలని అడుగుతున్నారు.
>
> సీఈఓ గారూ, మేడమ్ మసాలా దినుసుల ఎగుమతుల్లో క్వాలిటీ విభాగం చూసినవారు, ఒక శిక్షణలో నాకు పరిచయం. 20 నిమిషాల ఫోన్‌కు ఒప్పుకున్నారు, ఆ పైన పని ఉంటే ఫీజు విడిగా మాట్లాడుకోవాలి.
>
> సీఈఓ గారూ, రేపటిలోగా ఈ మెయిల్‌కే రిప్లై ఇచ్చి, శనివారం 11 తర్వాత మీకు వీలైన రెండు సమయాలు రాయండి, రిపోర్ట్ ఒక్క పేజీ జత చేయండి. ఆ రిప్లైలో నన్ను బీసీసీకి మార్చండి, ఇక్కడి నుంచి మీరిద్దరూ చూసుకోండి.

ఇందులో కొన్ని చోట్ల ఎందుకలా రాశానో చెప్తాను. ఒకరి గురించి చెప్పే వాక్యం రెండో మనిషిని ఉద్దేశించి ఉంటుంది, మేడమ్ గురించి మేడమ్‌కు చెప్పను. అలా రాస్తే పొగడ్త దానంతటదే తగ్గిపోతుంది, ఎందుకంటే సీఈఓకు తెలియాల్సింది మేడమ్ గొప్పతనం కాదు, ఈ ప్రశ్నకు ఆమె ఎందుకు సరైన మనిషి అన్నదే. అవార్డులు, కంపెనీల పేర్లు, ఎఫ్‌పీఓ సభ్యుల లెక్క ఈ ఫోన్‌కు అవసరం లేదు, అందుకే లేవు. ముందు మేడమ్‌ను పలకరించాను, ఎందుకంటే సమయం ఇస్తున్నది ఆవిడ, వయసులోనూ పెద్ద. ఇద్దరికీ గౌరవవాచకం సమానంగా ఉండాలి. మామూలుగా ఫోన్‌లో సీఈఓని నేను నువ్వు అంటాను గానీ మెయిల్‌లో అలా రాస్తే మేడమ్ కూడా అతన్ని ఆఫీసు కుర్రాడిలా చూసే ప్రమాదం ఉంది.

నాకు ఎవరితో ఎంత పరిచయమో రాయడం చాలామంది వదిలేస్తారు. 'రెండు సీజన్లుగా పని చేస్తున్నాను', 'ఒక శిక్షణలో పరిచయం' అన్న రెండు ముక్కలు చదివితే నా మాటకు ఎక్కడ ఎంత విలువ ఇవ్వాలో ఇద్దరికీ తెలుస్తుంది. మేడమ్‌ను నా ఆప్తురాలన్నట్టు రాసి ఉంటే సీఈఓ ఫీజు దగ్గర మొహమాటపెట్టేవాడు.

ఫీజు మాట పరిచయం మెయిల్‌లో పెట్టడం బాగుండదని మా ఆఫీసులో ఒకరన్నారు. నా ఉద్దేశంలో డబ్బు గురించి మూడో మనిషి చెప్పడమే తేలిక. లేదంటే ఇరవై నిమిషాలయ్యాక మేడమ్ నోరు తెరిచి చెప్పుకోవాలి, లేదా నవ్వుతూ గంటసేపు ఇచ్చేసి ఇంకోసారి ఫోన్ ఎత్తకపోవాలి.

ఫోన్ నంబర్లు పెట్టలేదు. ఇవ్వాలనుకుంటే రిప్లైలో వాళ్లే ఇచ్చుకుంటారు. అటాచ్‌మెంట్ కూడా నేను పెట్టలేదు. రిపోర్ట్ ఎఫ్‌పీఓది, పంపాల్సింది వాళ్లు, అది కూడా ఎగుమతిదారు పేరు కనపడకుండా చేసిన పేజీ. బీసీసీ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట: సీఈఓ నన్ను పైకి కనపడే చిరునామాల్లోంచి తీసి బీసీసీలో పెడితే ఆ ఒక్క రిప్లై నాకు వస్తుంది, పని మొదలైందని తెలుస్తుంది, తర్వాత మేడమ్ రిప్లై ఆల్ కొట్టినా నాకు రాదు. వాళ్లు సమయాలు కుదుర్చుకునే మెయిళ్లన్నీ నా ఇన్‌బాక్స్‌లో పడక్కర్లేదు, నేను వింటున్నానన్న స్పృహ వాళ్లకూ ఉండక్కర్లేదు.

సీఈఓ రాసిన మొదటి రిప్లై డ్రాఫ్ట్ చూపించాడు. మళ్లీ మేడమ్ గొప్పతనంతో మొదలై, కంపెనీ చరిత్ర మీదుగా, నాలుగో పేరాలో శనివారానికి చేరింది. తగ్గించమన్నాను. పంపింది ఇంత: 'మేడమ్, మాట్లాడటానికి ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. శనివారం 11.30 గానీ 4 గంటలకు గానీ నాకు వీలు. రిపోర్ట్ జత చేశాను. మీ నంబరు పంపితే నేనే చేస్తాను.' మేడమ్ గంటలో జవాబిచ్చారు.

ఏం జరిగింది, ఎంత వరకు

ఫోన్ ఇరవై నిమిషాలు దాటింది, దాటించింది మేడమే. ఆమె చెప్పింది సీఈఓ తర్వాత నాకు చెప్పాడు. ఒకే లాట్‌ను మూడు చోట్ల పట్టుకోమన్నారు: కళ్లంలో ఎండి కుప్ప పోశాక, నీళ్లు చల్లకముందు ఒకసారి, బస్తాలు కుట్టిన కొన్ని రోజులకు ఒకసారి, గోదాములో నెల దాటాక ఒకసారి. ప్రతిచోటా తేమ కొలత కూడా రాసుకోమన్నారు. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక చేశారు. అఫ్లాటాక్సిన్ లాట్ అంతా సమానంగా పరుచుకుని ఉండదు, బూజు పట్టిన కొన్ని కాయల్లోనే విపరీతంగా ఉంటుంది, కాబట్టి ఒక బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపితే వచ్చే అంకెకు అర్థం లేదు. చాలా బస్తాల్లోంచి, పైన మధ్యలో అడుగున, కొంచెం కొంచెం తీసి కలిపి పొడి చేసి అందులోంచి ల్యాబ్‌కు పంపాలి. ఈ పద్ధతి కాగితం మీద రాసిచ్చే పనికి, రిజల్ట్స్ చదివి చెప్పే పనికి తర్వాత ఫీజు మాట్లాడుకున్నారు. బోర్డు కొంచెం గునిసింది గానీ ఇచ్చింది.

సీజన్‌లో తీసిన శాంపిల్స్‌లో కళ్లం దగ్గరివి పరిమితిలోనే ఉన్నాయి. నీళ్లు చల్లి తొక్కిన బస్తాల్లోనివి పెరిగాయి. శాంపిల్స్ తక్కువ కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పలేమని మేడమే రాశారు, అయినా టార్పాలిన్ల కొనుగోలు ఆగింది, ఎగుమతికి వేరుచేసిన లాట్‌కు మాత్రం నీళ్లు చల్లకుండా తొక్కించారు. కాయ కొంత విరిగింది, దాని మీద రైతులతో తగువు ఇంకా నడుస్తోంది. ఇదంతా మెయిల్ ఘనత అనను. మెయిల్ చేసిందల్లా సరైన ప్రశ్నను సరైన మనిషి దగ్గరికి కోతకు ముందు చేర్చడం.

దీన్నుంచి నేను పట్టుకున్నవి

పరిచయం అడిగినవాళ్ల చేత అడగాల్సిన ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పించడం మీదే ఇప్పుడు నా సమయంలో ఎక్కువ భాగం పోతోంది, మెయిల్ రాయడానికి పది నిమిషాలు చాలు. ఆ వాక్యం రాకపోతే పరిచయం వాయిదా వేస్తాను. 'ఊరికే పరిచయం ఉంటే మంచిది కదా' అని అడిగేవాళ్లు చాలామంది, అది తప్పేం కాదు గానీ దానికి సభలు, సమావేశాలు ఉన్నాయి.

ముందుగా విడిగా అడగడం ప్రతిసారీ అవసరం లేదు. ఇద్దరూ అప్పటికే ఒకరి కోసం ఒకరు చూస్తుంటే, లేదా ల్యాబ్ రిసెప్షన్‌కో సేల్స్ మనిషికో కలుపుతుంటే, నేరుగా మెయిల్ పెట్టేస్తాను. కొత్తవాళ్లను కలవడం వాళ్ల ఉద్యోగమే. తన సమయాన్నీ పేరునూ సొంతంగా ఇచ్చే మనిషి దగ్గర మాత్రం అడగకుండా కలపను. వాళ్లు కాదంటే కారణం అడిగినవాళ్లకు చేరవేయను, 'ఈ సీజన్‌కు కుదరలేదు' అంటాను, అంతే.

ఫలితం తిరిగి చెప్పే విషయంలో సీఈఓ చేసిన పని ఒకటి ఇప్పుడు మిగతా ఎఫ్‌పీఓలతో కూడా చేయిస్తున్నాను. ఫోన్ అయిన మర్నాడే డైరెక్టర్ గారికి వెళ్లి చెప్పాడు, మేడమ్‌కూ నాకూ మూడు వాక్యాలు రాశాడు: ఏం చెప్పారో, అందులో ఏది చేయబోతున్నామో, రిజల్ట్ ఎప్పుడు పంపుతామో. మార్చిలో రిజల్ట్ నిజంగానే పంపాడు. ఆ తర్వాత మేడమ్ నాకు రాస్తూ, ఇలాంటి స్పష్టమైన ప్రశ్న ఉన్న ఎఫ్‌పీఓలు ఇంకేమైనా ఉంటే కోతల సమయంలో కాకుండా వేసవిలో పంపమన్నారు, ఏడాదికి రెండు మించకుండా. పక్క జిల్లా పసుపు ఎఫ్‌పీఓ వాళ్లు ఆ వారమే మేడమ్ నంబరు ఇవ్వమన్నారు. నంబరు ఇవ్వలేదు, ప్రశ్న ఏమిటో రాసి పంపమన్నాను, ఇంకా రాలేదు.